పైపులైను లెక్కలు – 4వ పాఠం: లోపల పట్టే నీళ్లెన్ని?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క గుర్తుందిగా: 110 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు, ఎస్‌డీఆర్ 11, పొడవు 600 మీటర్లు. ఎన్ని లీటర్లు పడతాయి? చాలామంది 5,700 అని రాశారు. సరైన జవాబు 3,820. సూత్రం అందరూ సరిగ్గానే వేశారు, గుణకారంలోనూ తప్పు లేదు. తప్పంతా 110 అనే అంకెను పైపు లోపలికి తీసుకెళ్లడంలో ఉంది. అందుకని ఈసారి చెప్పాలనుకున్న క్లోరిన్ మోతాదును పక్కన పెట్టి, ముందు దీని సంగతి తేల్చుకుందాం.

వృత్త వైశాల్యం మళ్లీ చెప్పను. నేను మాత్రం π జోలికే పోను. లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 1273తో భాగిస్తాను. మీటరు పొడవులో ఎన్ని లీటర్లు పడతాయో నేరుగా వచ్చేస్తుంది.

```
మీటరుకు లీటర్లు = (లోపలి వ్యాసం × లోపలి వ్యాసం) ÷ 1273
```

వచ్చినదాన్ని మీటర్లలో ఉన్న పొడవుతో గుణిస్తే మొత్తం నీళ్లు. అంతే.

ఇక అసలు ఉచ్చు. హెచ్‌డీపీఈ పైపును పిలిచేది బయటి వ్యాసంతో. 110 అంటే బయట 110. గోడ మందం అందులోంచే పోవాలి. బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో ఎస్‌డీఆర్ చెబుతుంది. ఎస్‌డీఆర్ 11 అంటే గోడ 110లో పదకొండో వంతు, 10 మి.మీ. రెండు పక్కలా తీసేస్తే లోపల మిగిలేది 90. 90 వర్గం 8,100, దాన్ని 1273తో భాగిస్తే మీటరుకు 6.36 లీటర్లు. 110ని అలాగే వేస్తే 9.5 వస్తుంది. వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి అక్కడి చిన్న తేడా ఇక్కడ పెద్దదవుతుంది. ఎస్‌డీఆర్ 11 పైపు ఏ సైజుదైనా, పేరులో ఉన్న అంకెతో లెక్క వేస్తే అసలు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. ఎస్‌డీఆర్ 17లో గోడ పలచన కాబట్టి తేడా కాస్త తక్కువ, కానీ ఉంటుంది.

డక్టైల్ ఐరన్ పైపు సంగతి వేరు. అక్కడ 200 అంటే సుమారుగా లోపలి కొలతే, బయట 222 ఉంటుంది. కాబట్టి ‘200 పైపు’ అని ఎవరైనా అంటే నా మొదటి ప్రశ్న ‘ఏ పైపు?’ అనే. లైను వాలుగా వెళ్తోంది, దానికి పొడవు ఎంత కలపాలి అని అడిగేవాళ్లున్నారు. నూటికి అయిదు వాలు ఉంటే 100 మీటర్లకు కలిసేది 12 సెంటీమీటర్లు. దాన్ని వదిలేసి లోపలి వ్యాసం చూడండి.

పైపు ఇప్పటికే పూడ్చేసి ఉంటే, కాగితాలు లేకపోతే? వాల్వు చాంబర్లో పైపు బయటపడే చోట మట్టి తుడిచి, టేపు చుట్టూ తిప్పి చుట్టుకొలత తీయండి. 628 మి.మీ. వస్తే బయటి వ్యాసం 200, అది హెచ్‌డీపీఈ. 697 వస్తే 222, అంటే డక్టైల్ ఐరన్ 200. అడ్డంగా స్కేలు పెట్టి కొలవకండి. పూడ్చిన ప్లాస్టిక్ పైపు మట్టి బరువుకు కాస్త కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, స్కేలు ఎటు పెడితే అటు వేరే అంకె వస్తుంది. గోడ మందం మాత్రం టేపుకు అందదు. పైపు మీద అచ్చు వేసిన గీతలో ఎస్‌డీఆర్ ఉంటుంది, దాన్ని వెతకండి.

ఇప్పుడు నిజమైన లైను ఒకటి తీసుకుందాం. 200 మి.మీ. హెచ్‌డీపీఈ, ఎస్‌డీఆర్ 11, పొడవు 2,400 మీటర్లు. గోడ 18.2, లోపల 163.6. మీటరుకు 21 లీటర్లు. మొత్తం 50,400 లీటర్లు, అంటే 50 ఘనపు మీటర్ల పైచిలుకు.

ముందు నింపడం. నీళ్లు లోపలికి వెళ్లే కొద్దీ అంతే గాలి బయటకు రావాలి. అందుకే నింపేటప్పుడు సెకనుకు 0.3 మీటర్లు దాటనివ్వను. మీటరుకు లీటర్లను వేగంతో గుణిస్తే సెకనుకు లీటర్లు వచ్చేస్తాయి: 21 × 0.3 = 6.3. పట్టే సమయం 2,400 ÷ 0.3 = 8,000 సెకన్లు, రెండుంపావు గంటలకు కాస్త తక్కువ. సమయానికి వ్యాసంతో పని లేదని గమనించారా? వేగం నిర్ణయించుకున్నాక, సన్న పైపైనా లావు పైపైనా అదే సమయం. వ్యాసం కావాల్సింది పంపు ఎంత ఇవ్వాలో తెలియడానికి.

వ్యాసం తప్పు వేసినవాళ్లకు ఇక్కడే దెబ్బ. 200 అనుకుంటే మీటరుకు 31.4 లీటర్లు, సెకనుకు 9.4 లీటర్లు పంపిస్తారు. అసలు లోపల వేగం 0.45 అవుతుంది, గాలికి బయటపడే తీరిక ఉండదు. పైగా ఫ్లో మీటరు 50 చూపించేసరికి అవతలి చివర నీళ్లు వచ్చేస్తాయి. కాగితం మీద 75 రాసుకున్నవాళ్లు, ‘ఇంకా 25 ఘనపు మీటర్ల గాలి ఉండిపోయింది’ అని ఎయిర్ వాల్వులన్నీ విప్పుతూ తిరుగుతారు.

వ్యాసం సరైనదైతే మాత్రం ఫ్లో మీటరే మీ సాక్షి. చివర నిండుగా నీళ్లు వచ్చేసరికి మీటరు 50కి బదులు 47 చూపిస్తే, ఆ తేడాను లీటర్లలోకి మార్చి 21తో భాగించండి: సుమారు 140 మీటర్ల పైపులో గాలి ఉన్నట్టు. లైను మిట్ట ఎక్కి దిగే చోట వెతకండి. 55 దాటినా చివర చుక్క రాకపోతే, ఎక్కడో కారుతోంది, లేదా పక్క లైను వాల్వు తెరిచి ఉంది. ఒక ఘనపు మీటరు అటూ ఇటూ అయితే పట్టించుకోను, మీటరూ పైపూ రెండూ అంత ఖచ్చితమైనవి కావు.

తర్వాత ఫ్లషింగ్. ఇసుక, మట్టి కదలాలంటే సెకనుకు 0.9 మీటర్లయినా ఉండాలి. 21 × 0.9, అంటే సెకనుకు 19 లీటర్లు. లైను మొత్తం ఒకసారి మారడానికి 2,400 ÷ 0.9, అంటే 44 నిమిషాలు. నేను కనీసం రెండుసార్లు మారుస్తాను. గంటన్నర, సుమారు 100 ఘనపు మీటర్లు. అన్ని నీళ్లు ఎక్కడికి వదలాలో ముందే చూసుకోండి.

లైను చివర మురికి నీళ్లు వదిలే వాష్‌అవుట్ దగ్గర 20 నిమిషాలకే తేట నీళ్లు కనిపించాయని వాల్వు కట్టేసేవాళ్లున్నారు. 20 నిమిషాల్లో నీళ్లు కదిలింది 1,080 మీటర్లు. మొదటి 1,320 మీటర్లలో ఉన్న మురికి ఇంకా దారిలోనే ఉంది. పైగా ఇసుక నీళ్లంత వేగంగా రాదు, అడుగున దొర్లుకుంటూ వెనకబడుతుంది. అందుకే 44 నిమిషాల తర్వాత కూడా ఒక గాజు సీసాలో పట్టి, కాసేపు కదపకుండా ఉంచి, అడుగున ఏమైనా పేరుకుందేమో చూడండి. వస్తున్న నీళ్ల రంగు చూసి తీర్పు చెప్పకండి.

అభ్యాసం: 900 మీటర్లు 250 మి.మీ. ఎస్‌డీఆర్ 17, దాని కొసకు 1,500 మీటర్లు 160 మి.మీ. ఎస్‌డీఆర్ 11, రెండూ హెచ్‌డీపీఈ. వాష్‌అవుట్ సన్న పైపు చివర ఒక్కటే ఉంది. లావు పైపులో 0.9 వేగం కావాలంటే సెకనుకు ఎన్ని లీటర్లు పంపాలి? అప్పుడు సన్న పైపులో వేగం ఎంతవుతుంది? ఆ అంకె చూశాక, ఇంకో వాష్‌అవుట్ పెట్టే అవకాశం వస్తే ఎక్కడ పెడతారో, దానితో మొత్తం సమయం ఎంతవుతుందో కూడా రాయండి.