కొత్తగా చేరినవాళ్లకు సెలవుల పాలసీని ఒక్క పేజీలో చెప్పడం ఎలా?

కంపెనీ సెలవుల పాలసీని మెయిల్‌లో పంపి "చదివి సంతకం పెట్టండి" అంటే ఎవరైనా సంతకమే పెడతారు, చదవరు. సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక జీతం స్లిప్ చూసుకుని అప్పుడు హెచ్ఆర్ గది ముందు నిలబడతారు. విశాఖలో ఆటోనగర్ వర్క్‌షాప్ అయినా, రుషికొండ ఐటీ ఆఫీసు అయినా ఇదే తంతు. అందుకని కొత్తవాళ్లకు ఒక పేజీ రాసివ్వాలి. రెండో పేజీ ఉంటే ఎవరూ తిప్పరు కాబట్టి ఒక్కటే పేజీ.

కావలసినవి. అమల్లో ఉన్న పాలసీ కాపీ, ఈ ఏడాది పండుగ సెలవుల జాబితా, ఒక క్యాలెండర్. పాలసీ కాపీ మీద తేదీ చూడండి. పక్క సీటాయన పంపిన పాత పీడీఎఫ్ మీద పని మొదలుపెట్టకండి.

సెలవులను విడదీయండి. సీఎల్ అంటే క్యాజువల్ లీవ్, ఎస్ఎల్ అంటే సిక్ లీవ్, ఈఎల్ అంటే పనిచేసిన రోజులను బట్టి వచ్చే ఎర్న్‌డ్ లీవ్, ఆపైన ప్రసూతి సెలవు. ఒక్కోదానికి మూడు విషయాలు చాలు: ఏడాదికి ఎన్ని, చేరిన ఎన్నాళ్లకు వాడుకోవచ్చు, మిగిలితే ఏమవుతాయి. టేబుల్ వేయకండి, వాక్యాలే రాయండి. టేబుల్లో జనం అంకె ఒక్కటే చూసి దాని కింద ఉన్న షరతు వదిలేస్తారు. "ప్రశ్నలు-జవాబులు" పద్ధతి అంతకంటే దండగ. కొత్తవాడికి ఏ ప్రశ్న అడగాలో తెలిస్తే ఈ పేజీతో పనేముంది?

ప్రసూతి సెలవు మాత్రం తప్పకుండా రాయండి. ఇండక్షన్ రోజున నలుగురిలో దాని గురించి ఎవరూ అడగరు. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ రెండు ముక్కలు చాలు.

ఇక అసలు చిక్కు: పరిమితులు రాయడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. "సీఎల్ 12, ఎస్ఎల్ 12, ఈఎల్ 15" అని రాసి పని అయిపోయిందనుకుంటారు. ఇవి ఎన్ని ఉన్నాయో చెప్తాయి గానీ ఎలా కోస్తారో చెప్పవు. కోత పెట్టే నియమాలు పాలసీలో వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒకటి సీఎల్ కింద, ఒకటి ఈఎల్ కింద, మూడోది చివర్లో "ఇతర నిబంధనలు" అనే మూలలో. దేనికది చదివితే అన్నీ న్యాయంగానే కనిపిస్తాయి. మూడూ కలిసినప్పుడే జీతం తెగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పాలసీలో ఇలా ఉందనుకోండి: సీఎల్ ఒక విడతలో మూడు రోజులు మించకూడదు, మించితే ఆ విడత మొత్తం ఈఎల్‌గా పరిగణిస్తారు. ఈఎల్ 240 రోజులు పనిచేశాకే వస్తుంది. సెలవు రోజుల మధ్య పడే పండుగలు, ఆదివారాలు కూడా సెలవు కిందే లెక్క. ఈ మూడోదాన్నే ఆఫీసుల్లో శాండ్‌విచ్ అంటారు.

ఒక కుర్రాడు ఆగస్టు 1న చేరాడు. జీతం 18,000, అంటే నెలకు 30 రోజుల లెక్కన రోజుకు 600. భోగి బుధవారం పడింది. కంపెనీ సంక్రాంతికి గురువారం, కనుమకు శుక్రవారం సెలవిచ్చింది. శ్రీకాకుళం వెళ్లాలని ఇతను బుధవారానికి, శనివారానికి సీఎల్ పెట్టాడు. కొత్త ఏడాది సీఎల్‌లు 12 ఖాతాలో పడి ఉన్నాయి, రెండే కదా వాడింది అనుకున్నాడు. కంపెనీ మాత్రం బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు లెక్కేసింది. నాలుగు మూడు దాటాయి కాబట్టి విడత మొత్తం ఈఎల్‌కు మారింది. ఆగస్టు నుంచి డిసెంబరు ఆఖరుకు క్యాలెండర్ రోజులే 153, ఈఎల్ ఇంకా పుట్టనే లేదు. దాంతో నాలుగు రోజులూ లాస్ ఆఫ్ పే, 2,400 రూపాయలు. సీఎల్‌లు పన్నెండూ ఖాతాలో అలాగే ఉన్నాయి!

అదే కుర్రాడు బుధవారం డ్యూటీ చేసి రాత్రి బస్ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, శనివారం ఒక్కదానికే సీఎల్ పెట్టి ఉంటే? గురు, శుక్రవారాలు సెలవుకు ముందున్నాయి, ఆదివారం తర్వాత ఉంది. మధ్యలో ఏదీ లేదు. ఒక్క సీఎల్‌తో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు. భోగి మంట ఒక్కటే పోయేది.

కాబట్టి మూడు నియమాలనూ ఒకే చోటికి తెచ్చి రాయాలి. నేనైతే ఇలా రాస్తాను:

"సెలవు పెట్టిన రెండు రోజుల మధ్యలో పండుగ గానీ ఆదివారం గానీ వస్తే అదీ సెలవు కిందే పోతుంది. సెలవుకు ముందో తర్వాతో వస్తే పోదు. అలా లెక్కేసినప్పుడు సీఎల్ వరసగా మూడు రోజులు దాటితే మొత్తం ఈఎల్‌లో కోస్తాం. ఈఎల్ లేకపోతే జీతంలో కోస్తాం. చేరిన మొదటి ఏడాది మీకు ఈఎల్ ఉండకపోవచ్చు, సెలవు పెట్టేముందు అడగండి."

దీని కిందే పైన చెప్పిన సంక్రాంతి లెక్క రెండు వాక్యాల్లో వేయండి. మీ కంపెనీ జాబితాలో ఉన్న తేదీలే వాడండి. జనవరిలో కనుమకు సెలవివ్వని చోట కనుమ సెలవని రాస్తే ఆ తప్పు మీ మెడకే చుట్టుకుంటుంది.

శాండ్‌విచ్ నియమం రాసేముందు ఇంకో జాగ్రత్త. అది అందరికీ వర్తిస్తుందని అనుకోకండి. ఫ్యాక్టరీ కార్మికుల విషయంలో 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది: ఈఎల్ మధ్యలో గానీ, అటూ ఇటూ గానీ వచ్చే సెలవు దినాలను ఈఎల్‌లో కలపకూడదు. గాజువాక వైపు యూనిట్, ఊళ్లో ఆఫీసు రెండూ ఉన్న కంపెనీ ఆఫీసు పాలసీనే అందరికీ ఒకేలా అంటిస్తే అక్కడ తేడా వస్తుంది. పాలసీలో ఈ తేడా కనిపించకపోతే పేజీ ఆపి హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. 240 రోజుల అంకె కూడా జ్ఞాపకం మీద రాయకండి. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లో దాన్ని 180కి దించారు. మీ పాలసీలో ఏముందో చూసి, పాతదే ఉంటే అదీ అడగండి.

మిగిలిన సెలవుల సంగతి. సీఎల్ డిసెంబరు 31తో పోతుందా, ఈఎల్ ఎన్నింటి వరకు పోగవుతుంది, మానేసినప్పుడు డబ్బులిస్తారా. మూడు వాక్యాలు. ఎస్ఎల్‌కు డాక్టర్ సర్టిఫికెట్ ఎన్నో రోజు నుంచి కావాలో కూడా ఇక్కడే చెప్పేయండి.

ఇచ్చేముందు పరీక్ష. కిందటి నెల చేరినవాళ్లలో ఒకరికి పేజీ, క్యాలెండర్ ఇచ్చి "దసరాకు శనివారం, సోమవారం సెలవు పెడితే నీ ఖాతాలో ఎన్ని తెగుతాయి?" అని అడగండి. మీరు పక్కన నిలబడి వివరించకూడదు. రెండు అని చెప్తే పేజీ తిరగరాయండి. మూడు అని చెప్పి, ఆదివారాన్ని వేలితో చూపిస్తే ప్రింట్ తీయండి. అడుగున పాలసీ తేదీ, అడగాల్సిన మనిషి ఎక్స్‌టెన్షన్ నంబరు వేసి, చేరిన రోజే చేతికివ్వండి.