సంక్రాంతికి ఎలక్ట్రిక్ కారులో ఊరెళ్తున్నారా? మీటరు చూపే కిలోమీటర్లను నమ్మే ముందు

మొదటిసారి మా ఎలక్ట్రిక్ కారులో తార్నాక నుంచి విజయవాడ బయల్దేరిన రోజు నాకు బాగా గుర్తు. తెల్లవారుజామున అయిదింటికి ఛార్జర్ తీశాను. బ్యాటరీ 100 శాతం, పక్కన 364 కిలోమీటర్లు అని ఉంది. మాకు గడప నుంచి గడపకు 275. ఇంకా 90 మిగులుతాయి కదా అనుకుని, దారిలో ఎక్కడా ఆగే ఆలోచన పెట్టుకోలేదు. చౌటుప్పల్ చేరేసరికి మేం నడిచింది 50 కిలోమీటర్లు. మీటరులో ఉన్నది 200. పక్క సీట్లో కూర్చున్న మా బావమరిది వంగి చూసి, "బావా, ఛార్జింగ్ కిందకి కారిపోతోందా ఏంటి?" అన్నాడు.

కారిపోలేదు. బ్యాటరీలో ఏ లోపమూ లేదు. మీటరు కూడా తన లెక్క తాను సరిగ్గానే వేసింది. ఆ లెక్క ఏమిటో మాకు తెలియకపోవడమే అసలు చిక్కు. పండగకి బయల్దేరే ముందు అది తెలిసి ఉంటే దారిలో గుండెలు చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

మీటరు చేసేది ఒక్క భాగహారం. బ్యాటరీలో ఎన్ని యూనిట్లు మిగిలాయో తీసుకుని, ఈ మధ్య కిలోమీటరుకు ఎంత ఖర్చయిందో దానితో భాగిస్తుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, స్క్రీన్ మీద kWh అని కనిపిస్తుంది. మిగిలిన యూనిట్ల సంఖ్య ఒక్కసారిగా మారదు. గెంతులేసేది రెండోది, "ఈ మధ్య ఖర్చు". "ఈ మధ్య" అంటే కారును బట్టి కొన్ని పదుల కిలోమీటర్లు కావచ్చు, అంతకన్నా ఎక్కువా కావచ్చు. కొన్ని కార్లు పాత ప్రయాణాలను కూడా కొద్దికొద్దిగా కలుపుకుంటాయి. ఏసీ వేసినా, డ్రైవ్ మోడ్ మార్చినా కొన్నింటిలో అంకె అక్కడికక్కడే మారుతుంది. ఏది ఎలా చేసినా, ఈ అంకె వెనక నడిచిన దారిని బట్టి వచ్చింది. ముందున్న దారి ఎలాంటిదో దానికి తెలియదు. నావిగేషన్‌లో గమ్యం పెడితే దారిలోని ఎత్తుపల్లాలు కూడా చూసి లెక్కకట్టే కార్లు ఉన్నాయి. మీది అలాంటిదైతే గమ్యం తప్పకుండా పెట్టుకోండి.

ఆ రోజు మా కారులో ఏం జరిగిందో అంకెలతో చూద్దాం. బ్యాటరీలో వాడుకోదగినవి 40 యూనిట్లు. అంతకు ముందు వారమంతా సిటీలో ఆఫీసుకీ ఇంటికీ తిరిగాను కాబట్టి, ఖర్చు 100 కిలోమీటర్లకు 11 యూనిట్లు. 40ని 11తో భాగించి 100తో గుణిస్తే 364. మీటరు చూపింది అదే. హైవే ఎక్కాక నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, 95, 100 వేగం. ఖర్చు 16 యూనిట్లకు వెళ్ళింది. లెక్క తేలిగ్గా ఉండడానికి, మీటరు చివరి 50 కిలోమీటర్ల సగటు తీసుకుంటుందనుకుందాం. 25 కిలోమీటర్లు నడిచేసరికి 4 యూనిట్లు ఖర్చయి 36 మిగిలాయి. సగటులో సగం సిటీ, సగం హైవే, అంటే 13.5. మీటరు 267 చూపుతుంది. నడిచింది 25, తగ్గింది 97! 50 దగ్గర 32 యూనిట్లు మిగులుతాయి, సగటు పూర్తిగా 16 అవుతుంది, అంకె 200. ఆ తర్వాత మాత్రం విచిత్రంగా అంతా సర్దుకుంటుంది. ఇంకో 50 నడిస్తే 24 యూనిట్లు, 150 కిలోమీటర్లు. 50 నడిస్తే 50 తగ్గింది. మొదటి గంట భయపెట్టిన మీటరే ఆ తర్వాత నిజం చెప్పడం మొదలుపెడుతుంది, ఎందుకంటే అప్పటికి దాని లెక్కలో సిటీ ప్రయాణం మిగల్లేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇంటి దగ్గరే ఉంది. 100 శాతం పక్కన కనిపించే అంకెను పట్టించుకోకండి. మీ కారు హైవే మీద 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తాగుతుందో ముందే తెలుసుకోండి. పండక్కి రెండు వారాల ముందు ఒక ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మీరు ఊరెళ్ళే వేగంతోనే ఒక 40 కిలోమీటర్లు నడపండి. స్క్రీన్ మీద 160 Wh/km అని ఉంటే 100 కిలోమీటర్లకు 16 యూనిట్లు. కొన్ని కార్లలో 6.25 km/kWh అని తిరగేసి చూపిస్తారు, రెండూ ఒకటే. అయితే ఒక్కరే వెళ్ళి కొలిచి, పండక్కి నలుగురితో బయల్దేరితే ఆ అంకె సరిపోదు. మనుషులకీ సామానుకీ ఒక యూనిట్ కలుపుకోండి.

వేగం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మా కారు 80 మీద 13, పదమూడున్నర యూనిట్లతో నడుస్తుంది, 100 మీద 17 దాటుతుంది. దారిలో ఎప్పుడైనా చాలదనిపిస్తే ఏసీ కట్టేసి పిల్లల్ని ఉక్కపోతలో కూర్చోబెట్టకండి, వేగం తగ్గించండి. హైవే మీద ఏసీ తినేది చాలా తక్కువ.

ఇప్పుడు ప్లాన్. మాకు సూర్యాపేట సుమారు సగం దారి, తార్నాక నుంచి 140 కిలోమీటర్లు. 16 చొప్పున 22 యూనిట్లకు కొంచెం ఎక్కువ అవుతాయి, అంటే అక్కడికి 44 శాతంతో చేరతాం. మిగిలిన 135 కిలోమీటర్లకు 54 శాతం కావాలి. ఊళ్ళో దిగేసరికి 15 శాతమైనా ఉండాలని నా నియమం, కాబట్టి సూర్యాపేటలో 70 దాకా ఎక్కించాలి. 75 అయితే ఇంకా నిశ్చింత. 100 అయ్యేదాకా కూర్చోవద్దు. ఫాస్ట్ ఛార్జర్ 80 దాటాక బాగా నెమ్మదిస్తుంది, వెనక వాళ్ళు ఎదురుచూస్తుంటారు. పండగ రోజుల్లో అక్కడ వరస ఉంటుంది కాబట్టి ఇంకో చోటు కూడా చూసి పెట్టుకోవాలి. సూర్యాపేట నుంచి కోదాడ సుమారు 45 కిలోమీటర్లు. 44 శాతంతో బయల్దేరితే 26తో చేరతాం, భయం లేదు. ఛార్జర్ ఉందని మ్యాపులో కనిపిస్తే చాలదు, బయల్దేరే ముందు ఆ ఛార్జర్ కంపెనీ యాప్‌లో అది పనిచేస్తోందో లేదో చూడండి.

టోల్ గేట్ల దగ్గర రద్దీ మీటరును రెండు రకాలుగా ఆడిస్తుంది. పంతంగి దగ్గర గంటసేపు కదలకుండా ఆగిపోయారనుకోండి. కారు నడవలేదు, ఏసీ మాత్రం నడిచింది. కిలోమీటరుకు ఖర్చు అమాంతం పెరిగినట్టు కనిపించి అంకె పడిపోతుంది. కంగారు వద్దు. ఆ గంటలో నిజంగా పోయేది సుమారు ఒక యూనిట్, 40లో రెండున్నర శాతం. శాతం చూసుకుంటే విషయం తెలిసిపోతుంది.

రెండో రకం అసలు ప్రమాదం, ఎందుకంటే అది భయపెట్టదు, ఆశపెడుతుంది. తిరుగు ప్రయాణంలో జగ్గయ్యపేట వైపు కార్లు ఒకదాని వెనక ఒకటి 40 వేగంతో ఒక 30 కిలోమీటర్లు కదిలాయి. ఆ వేగానికి ఖర్చు పదకొండున్నరకు దిగింది. కోదాడ దాటేటప్పటికి 60 శాతం, అంటే 24 యూనిట్లు ఉన్నాయి. మీటరులో అంకె పెరుగుతూ పెరుగుతూ 173కి వచ్చింది. ఇల్లు ఇంకా 180. కొంచెం నెమ్మదిగా వెళ్తే సరిపోతుందిలే అని కోదాడలో ఖాళీగా ఉన్న ఛార్జర్‌ను వదిలేశాను. రద్దీ విడి మళ్ళీ 95 అందుకోగానే అసలు లెక్క బయటపడింది. 24 యూనిట్లకు ఆ వేగంలో వచ్చేది 137 మాత్రమే. సూర్యాపేట చేరేసరికి మీటరు వంద దగ్గర ఉంది, ఇల్లు ఇంకా 140. అక్కడ మా ముందు మూడు కార్లు. అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఎండలో గంటన్నర కూర్చున్నాం. నడుస్తుండగా అంకె పెరిగినంత మాత్రాన బ్యాటరీలోకి ఛార్జింగ్ వచ్చినట్టు కాదని గుర్తుపెట్టుకోండి. ఛార్జర్ దగ్గర ఆగాలా వద్దా అన్నది ఇంట్లో వేసుకున్న శాతాల లెక్కతోనే తేల్చుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఖర్చు 16 కాకుండా పదిహేడున్నర పడటానికి ఇంకో కారణం ఉంది. హైదరాబాద్ విజయవాడ కంటే సుమారు 500 మీటర్లు ఎత్తులో ఉంది. దారిలో ఘాట్ లేదు కాబట్టి కంటికి తెలియదు, బ్యాటరీకి తెలుస్తుంది. మనుషులతో కలిపి 1800 కిలోల కారును అంత ఎత్తుకు ఎక్కించడానికి రెండు యూనిట్ల పైన పడుతుంది. వెళ్ళేటప్పుడు దాదాపు అంతే కలిసొస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు మాకు 44 యూనిట్లయిన దారి వచ్చేటప్పుడు అదే వేగంతో అయితే 48 తీసుకుంటుంది. బ్యాటరీలో అది పది శాతం తేడా. పైగా పండగ నాలుగు రోజులూ ఊళ్ళో చుట్టాల ఇళ్ళకు నెమ్మదిగా తిరిగి ఉంటాం కాబట్టి, బయల్దేరే రోజు ఉదయం మీటరు మళ్ళీ 360 పైన చూపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేటలో 75 కాదు, 80 పెట్టుకుని కదలండి.

ఇంతసేపూ శాతాన్ని నమ్మమన్నాను. అది కూడా అంచనాయే. బ్యాటరీలోకి వెళ్ళిన కరెంటు, బయటికొచ్చిన కరెంటు లెక్కపెట్టుకుంటూ కారు శాతం చూపిస్తుంది. ఆ లెక్కలో చిన్న చిన్న పొరపాట్లు పోగవుతాయి. వోల్టేజ్ చూసి సరిచేసుకుందామంటే, మన దగ్గర చాలా కార్లలో ఉన్న ఎల్ఎఫ్‌పి రకం బ్యాటరీలో మధ్య శాతాలన్నింటిలో వోల్టేజ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పూర్తిగా నిండినప్పుడే దానికి స్పష్టమైన గుర్తు దొరుకుతుంది. నెలల తరబడి 80 దగ్గర తీసేస్తూ వాడితే, దారిలో 12 ఉన్నది ఉన్నట్టుండి 7 కావచ్చు. అందుకే బయల్దేరే ముందు రాత్రి ఇంటి ఛార్జర్ మీదే 100 దాకా పెట్టి, 100 పడగానే తీయకుండా కారు తనంతట తాను ఆపేదాకా వదిలేయండి. అలా చేశాక కూడా ఆ 15 శాతాన్ని ముట్టుకోకండి. బాగా అడుగుకు వచ్చాక చాలా కార్లు మోటారు బలం తగ్గించేస్తాయి. లారీల మధ్య హైవే మీద, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుండగా, పెడల్ నొక్కినా కారు కదలని పరిస్థితి తెచ్చుకోకూడదు.