కంపెనీ విలువ కట్టడం - 4వ భాగం: పీర్ మల్టిపుల్స్, గ్రోత్ తేడాలు

పోయిన భాగంలో పీర్స్ పీఈలు చూసి ఒక కంపెనీ విలువ కట్టమని ఇచ్చిన లెక్కలో ఎక్కువమంది 1384 కోట్ల దగ్గర తేలారు, అందుకే ఈసారి కొత్త టాపిక్‌కి వెళ్ళకుండా అదే లెక్క మళ్ళీ పట్టుకుందాం.

మన కంపెనీ లాభం 40 కోట్లు, వచ్చే మూడేళ్ళలో ఏడాదికి 7 శాతం పెరుగుతుందని అంచనా. పీర్స్, అంటే అదే రంగంలో మనతో పోల్చదగ్గ కంపెనీలు, ఐదు. వాటి పీఈలు, అంటే కంపెనీ విలువ దాని ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకెలు, 14, 17, 21, 26, 95. మీరు యావరేజ్ తీస్తే 34.6 వచ్చింది, దాన్ని 40తో గుణించి 1384 అన్నారు. కానీ ఆ 95 పీఈ ఉన్న కంపెనీకి పోయినేడు ఒక ప్లాంట్ మూసేసిన నష్టం పడి లాభం అడుగంటింది. కింద లాభం తగ్గితే పీఈ పెరుగుతుంది, అంతేగానీ మార్కెట్ దాన్ని నెత్తిన పెట్టుకుందని కాదు. ఆ నష్టం ఒక్కసారిదే అయితే దాన్ని లాభానికి తిరిగి కలిపి పీఈ మళ్ళీ కట్టండి, వివరాలు దొరక్కపోతే ఆ కంపెనీని తీసేయండి. నేనైతే తీసేస్తాను.

మిగిలిన నాలుగింటి లాభాల గ్రోత్ వరసగా 6, 10, 12, 18 శాతం. ఇక్కడ చాలామంది పీఈని గ్రోత్‌తో భాగించి పెగ్ కట్టేస్తారు, నాకు చిరాకు తెప్పించేది ఇదే. యావరేజ్ పెగ్ సుమారు 1.8 వస్తుంది, 7తో గుణిస్తే 12.6, అంటే 504 కోట్లు. చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఇదే లెక్కలో గ్రోత్ సున్నా పెట్టి చూడండి, విలువ కూడా సున్నా అయిపోతుంది! ఏటా 40 కోట్లు సంపాదిస్తూ, పెరగకుండా ఉన్నచోటే ఉన్న కంపెనీని ఎవరైనా ఊరికే ఇచ్చేస్తారా? గ్రోత్ లేకపోయినా కొంత పీఈ ఉంటుంది, గ్రోత్ దాని మీద ఎక్కుతుంది. పెగ్ ఆ అడుగు భాగాన్ని మర్చిపోతుంది, అందుకే నెమ్మదిగా పెరిగే కంపెనీల విలువ తక్కువ చూపిస్తుంది, వేగంగా పెరిగేవాటిది ఎక్కువ చూపిస్తుంది.

దీని బదులు అడ్డంగా గ్రోత్, నిలువుగా పీఈ పెట్టి నాలుగు చుక్కలు వేసి మధ్యలోంచి గీత లాగండి. సుమారుగా పీఈ అంటే 8కి గ్రోత్ కలిపినట్టు వస్తుంది. మనకి 7 శాతం కాబట్టి పీఈ 15, విలువ 600 కోట్లు.

ఇక సైజు. మనది చిన్న కంపెనీ కదా అని 25 శాతం కోసేయొద్దు, ముందు పీర్స్‌లో చిన్నది గీతకి ఎక్కడుందో చూడండి. ఇక్కడ అన్నిటికంటే చిన్నది 10 శాతం గ్రోత్ ఉన్నదే, గీత ప్రకారం దానికి 18 ఉండాలి, ఉన్నది 17. కాబట్టి మనం కూడా ఒక పాయింట్ తగ్గించి 14 తీసుకుంటే 560. ఒకే కస్టమర్ మీద ఆధారపడటం లాంటి రిస్కు కోసం గ్రోత్ అంచనాని ముందే తగ్గించి ఉంటే మళ్ళీ ఇక్కడ కోస్తే రెండుసార్లు కోసినట్టు. నాలుగు చుక్కల గీత గట్టిది కాదు, కాబట్టి 560 అని ఒక్క అంకె చెప్పకుండా 540 నుంచి 600 అనండి.

ప్రాక్టీస్‌కి మీకు తెలిసిన రంగంలో ఎనిమిది కంపెనీలు తీసుకుని గీత గీయండి, తర్వాత ఒక్కోసారి ఒక్కో కంపెనీని తీసేసి మొత్తం ఎనిమిదిసార్లు మళ్ళీ గీయండి. ఏ కంపెనీ తీసినప్పుడు జవాబు ఎక్కువ కదిలిందో, ఎందుకు కదిలిందో రాసి తెండి.