ఏ/బీ టెస్ట్ “30 శాతం పెరిగింది” అంటోందా? ముందు ఆపిన తేదీ చూడండి

లక్షణం: వచ్చినవాళ్లను సగం సగం పంచి పాత పేజీ, కొత్త పేజీ చూపించి పోల్చే ఏ/బీ టెస్ట్ రిపోర్టులో కొత్త చెకౌట్ పేజీ గెలిచిందని ఉంటుంది. కొనుగోళ్లు 30 శాతం పెరిగాయి, అసలు తేడా ఏమీ లేకున్నా ఇంత తేడా కనపడే అవకాశం చెప్పే పి-వాల్యూ 0.046, రేపే అందరికీ పెట్టేద్దాం అని రాసి ఉంటుంది. పెట్టేస్తారు. నెల తిరిగాక అమ్మకాల గ్రాఫ్ చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అప్పుడు అందరూ ట్రాకింగ్ కోడ్ మీద పడతారు. కోడ్‌లో తప్పు అసలు ఉండదని కాదు. కానీ నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువసార్లు తప్పు రిపోర్టు మొదటి పేజీలోనే, తేదీల దగ్గరే దొరికింది. ఆ రెండు తేదీలు చదివే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు.

## టెస్ట్ ఎప్పుడు ఆపాలో ఎవరు నిర్ణయించారు?

నన్ను ఒకసారి బాగా ముంచిన రిపోర్టు ఇలాంటిదే. అంకెలు లెక్కకు వీలుగా మార్చి చెబుతున్నాను. పాత పేజీకి 2,400 మంది వచ్చారు, 96 మంది కొన్నారు. కొత్త పేజీకీ 2,400 మందే వచ్చారు, 125 మంది కొన్నారు. అంటే 4 శాతం ఎదురుగా 5.2 శాతం. లెక్క తిరగేసి చూశాను, పి-వాల్యూ సరిగ్గానే ఉంది. సరే అనేశాను.

టెస్ట్ సోమవారం మొదలై శనివారం ముగిసింది. ఆరు రోజులేనా, ఏడు ఎందుకు కాదు అని నేను అడగలేదు. తర్వాత రోజువారీ లెక్క తీయిస్తే అప్పటిదాకా పోగైన డేటా మీద పి-వాల్యూ మూడో రోజుకు 0.48, నాలుగో రోజుకు 0.30, అయిదో రోజుకు 0.08, ఆరో రోజుకు 0.046. పి-వాల్యూ 0.05 కంటే తగ్గి డ్యాష్‌బోర్డ్ పచ్చబడగానే ఆపేశారు. ఆ రోజూ పచ్చబడకపోయి ఉంటే ఏడో రోజూ నడిచేది.

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే రిపోర్టులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. 0.05 అనే హద్దు ముందే అనుకున్న సైజు దగ్గర ఒక్కసారి చూసేవాళ్ల కోసం పెట్టింది. రెండు పేజీల మధ్య తేడా ఏమీ లేకున్నా వంద టెస్టుల్లో అయిదింట్లో ఏదో ఒక పేజీ గెలిచినట్టు కనపడుతుందని దాని అర్థం. మధ్యమధ్యలో చూస్తూ హద్దు దాటగానే ఆపేస్తే ఆ అయిదు అయిదుగా ఉండవు. సమాన దూరాల్లో అయిదుసార్లు చూస్తే దాదాపు 14 అవుతాయి, పదిసార్లు చూస్తే 19. కొద్ది డేటాలో తేడా పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది కాబట్టి, పైకి వెళ్లిన క్షణం కోసం కాచుకుని ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది.

చిన్న సైజుతో ఇంకో మెలిక ఉంది. ఒక్కో పక్క 2,400 మందే ఉంటే హద్దు దాటడానికి తేడా దాదాపు 1.2 శాతం పాయింట్లు కనపడాలి. నిజమైన మెరుగుదల 0.4 పాయింటే అనుకోండి, ఈ టెస్ట్ దాన్ని 0.4గా చూపిస్తూ గెలవడం సాధ్యమే కాదు. గెలిచిందంటే మూడింతలు పెంచి చూపించినట్టే. ఆ “30 శాతం” పేజీ గొప్పతనం వల్ల వచ్చిందో లేదో గానీ, సైజు చిన్నదవడం వల్ల గెలిస్తే అంత పెద్ద అంకే రావాలి.

పరిష్కారం: రాసినవాళ్లను రెండే అడగండి. మొదలుపెట్టే ముందు ఎంతమంది కావాలనుకున్నారు, అది ఎక్కడ రాసి ఉంది? జవాబు తడబడితే రోజువారీ పి-వాల్యూ తెప్పించుకోండి. హద్దు దాటిన రోజూ ఆపిన రోజూ ఒకటే అయితే సంగతి తేలిపోయినట్టే. సైజు లెక్కకు ఈ ఉజ్జాయింపు సూత్రం చాలు:

```
n = 16 × p × (1 − p) / d²
```

ఇందులో `n` ఒక్కో పక్క కావలసిన మనుషులు, `p` పాత పేజీ రేటు, `d` పట్టుకోవాలనుకున్న తేడా. తేడా నిజంగా అంతే ఉంటే అయిదింట నాలుగుసార్లు దొరికే సైజు ఇది. రేటు 4 శాతం, తేడా 1 పాయింట్ అయితే 6,144 మంది కావాలి. ఒక్కో పక్కకు రోజుకు 400 మంది వస్తే 16 రోజులు పడుతుంది. వారాంతంలో కొనే తీరు వేరు కాబట్టి పూర్తి వారాలకు సర్ది 21 రోజులు పెట్టుకోవాలి. 0.4 పాయింట్ తేడా పట్టుకోవాలంటే 38,400 మంది, అంటే 96 రోజులు. అంత ఆగలేమంటే ఆ చిన్న తేడా ఈ టెస్ట్‌కు అందదని ముందే ఒప్పుకోవాలి.

పాత డేటాకే ఇంకో వారం అతికించి “ఇప్పుడు సరిపోయింది” అనకండి, ఆ పొడిగింపు కూడా ఫలితం చూసి చేసిందే. మళ్లీ మొదటి నుంచి నడపండి. మధ్యలో చూడక తప్పదంటే ఎన్నిసార్లు చూస్తారో ముందే రాసి హద్దు బిగించండి. పొకాక్ పద్ధతిలో అయిదుసార్లు చూస్తే ప్రతిసారీ హద్దు 0.016 దగ్గర ఉంటుంది. మన 0.046 దాని దరిదాపులకు కూడా రాదు.

## ఒక్క అంకెతో తీర్పు ఇచ్చారు

ఆరు రోజుల లెక్కను యథాతథంగా నమ్మినా నిజమైన తేడా ఉండగల పరిధి, అంటే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, 0.02 నుంచి 2.4 పాయింట్ల దాకా ఉంది. అంటే పెరుగుదల దాదాపు సున్నా కావచ్చు, 60 శాతం కావచ్చు. ఇలాంటి ఫలితంలో “30 శాతం పెరిగింది” అనే వాక్యానికి చోటు లేదు. ఇంటర్వల్ రెండు కొసలూ ముగింపు వాక్యంలోనే రాయించండి, అనుబంధంలో దాచనివ్వకండి.

ఆ టెస్ట్ మళ్లీ 21 రోజులు నడిచింది. ఒక్కో పక్క 8,400 మందిలో పాత పేజీలో 336 మంది, కొత్తదాంట్లో 353 మంది కొన్నారు. తేడా 0.2 పాయింట్, ఇంటర్వల్ −0.4 నుంచి +0.8. ఈసారి రిపోర్టులో “రెండూ సమానం” అని రాశారు. అదీ తప్పే. 1 పాయింట్ లాభం ఉండే అవకాశం చాలా తక్కువ, చిన్న లాభమో చిన్న నష్టమో ఉందేమో ఈ డేటా చెప్పలేదు. తేలింది అంతవరకే.

## మొత్తంలో ఓడింది గానీ మొబైల్‌లో గెలిచింది

రిపోర్టు రెండో పేజీలో ఈ వాక్యం తగిలితే వచ్చినవాళ్లను మొబైల్, డెస్క్‌టాప్ లాంటి ఎన్ని ముక్కలుగా కోసి చూశారో అడగండి. చూపించినవి కాదు, చూసినవన్నీ. ఒకదానితో ఒకటి సంబంధం లేని 12 ముక్కలు చూస్తే, ఎక్కడా తేడా లేకపోయినా కనీసం ఒకదాంట్లో తేడా ఉన్నట్టు కనపడే అవకాశం 46 శాతం. 12 చూసినప్పుడు 0.05ను 12తో భాగించి 0.004 హద్దు పెట్టండి. అది కొంచెం కఠినమైన పద్ధతే, కానీ దాన్ని దాటిన మొబైల్ గెలుపును నేను వింటాను. దాటకపోతే అది తర్వాతి టెస్ట్‌కు ఊహ మాత్రమే.

మొబైల్‌లో 0.03, డెస్క్‌టాప్‌లో 0.4 వచ్చినంత మాత్రాన రెండు చోట్లా ప్రభావం వేరని కాదు. ఆ రెండు ప్రభావాల మధ్య తేడాకే విడిగా ఇంటర్వల్ వేయాలి. ఎవరూ వేయరు.

## అరుదైనవి

సగం సగం పంచాల్సిన చోట 2,400కి ఎదురుగా 2,150 కనపడితే మిగతా రిపోర్టు చదవకండి, పంపకమే చెడింది. మనుషుల్ని పంచి సెషన్లను లెక్కపెడితే పి-వాల్యూ ఉన్నదానికంటే చిన్నగా వస్తుంది, మనుషుల లెక్కకు మార్చమనండి. బాట్లు, కొత్తదనం మోజు లాంటివి ఉంటాయి గానీ, తేదీలు సరిగ్గా ఉన్నాకే వాటి జోలికి వెళ్లండి.