ఆఫ్ క్యాంపస్ సీజన్ ముందు ఫ్రెషర్లు ప్రొఫైల్‌లో చూసుకోవాల్సిన జాగ్రత్తలు

బీటెక్ అయిపోయి పీసీ, సీఎంఎం సర్టిఫికెట్లు చేతికొచ్చాక ఒక రెండు మూడు నెలలు ఉంటాయి చూడండి, రోజుకో వాకిన్, ప్రతి సీనియర్ అన్నకీ రెఫరల్ కోసం మెసేజ్, ఆ తొందరలో నౌకరీలో, లింక్డిన్‌లో ఏదో ఒకటి నింపేస్తాం. అప్పుడు కొట్టిన లైనే తర్వాత ఇంటర్వ్యూలోనో, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనో అడ్డం తిరుగుతుంది. నేను హైదరాబాద్‌లో టెస్టింగ్ సైడ్ పనిచేస్తా, ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు ప్యానెల్‌లో కూర్చుంటా. మొన్న మా బాబాయ్ కొడుకు బీటెక్ అయిపోయి రెజ్యూమె పట్టుకుని వచ్చాడు. ఉన్నది ఒక రెండు నెలల ఇంటర్న్‌షిప్, రెండు కాలేజ్ ప్రాజెక్టులు, అంతే. ఒక ఆదివారం మొత్తం కూర్చుని దాన్ని సరిచేశాం, అందులో బయటపడ్డవే ఇవన్నీ.

ముందు అన్నిటికంటే ప్రమాదమైనది. వాడు నౌకరీలో ఎక్స్‌పీరియన్స్‌డ్ అని పెట్టి ఒక సంవత్సరం రాశాడు. ఏంట్రా ఇది అంటే, "అన్నా, ఫ్రెషర్ అని పెడితే కాల్స్ రావట్లేదు, ఇంటర్న్‌షిప్ కూడా ఎక్స్‌పీరియన్సే కదా" అన్నాడు. కాదు. ఇంటర్న్‌షిప్‌ని ఫుల్ టైమ్ ఎక్స్‌పీరియన్స్‌లో కలపొద్దు. నౌకరీలో ఇంటర్న్‌షిప్‌కి వేరే చోటు ఉంది, లింక్డిన్‌లో కూడా ఉద్యోగం రకం అడిగిన దగ్గర ఇంటర్న్‌షిప్ అని ఎంచుకోవచ్చు, అక్కడే పెట్టండి. ఎక్స్‌పీరియన్స్ ఉందని చెప్పిన వాళ్ళని ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, పేస్లిప్‌లు అడుగుతారు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ కూడా చూస్తారు. పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబర్ ఆధార్‌తో లింక్ అయి ఉంటుంది, ఏ కంపెనీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పీఎఫ్ కట్టిందో అందులో కనిపిస్తుంది. అక్కడ ఖాళీగా ఉండి రెజ్యూమెలో సంవత్సరం ఉంటే ఇక ఏం చెప్తారు?

ఇక్కడే అమీర్‌పేట బాపతు ఆఫర్ ఒకటి తగులుతుంది, డబ్బులు కడితే రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పేస్లిప్‌లు, రిలీవింగ్ అన్నీ మేమే చూసుకుంటాం అని. కొందరు కొన్ని నెలలు పీఎఫ్ కూడా కట్టి చూపిస్తారు, దాంతో ఇదేదో గట్టిగానే ఉంది అనిపిస్తుంది. అసలు చిక్కు ఎక్కడంటే అదే కంపెనీ పేరు మీద ఇంకా చాలామంది అదే పని చేసి ఉంటారు, వాళ్ళలో ఒకరు దొరికితే వెరిఫికేషన్ ఏజెన్సీ ఆ పేరునే అనుమానం లిస్టులో పెడుతుంది, అప్పుడు మీరు ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైనా సరే తవ్వి తీస్తారు. నా పక్క టీమ్‌లో పనిచేసే అబ్బాయిని అలాగే ఒక మధ్యాహ్నం పిలిచి ల్యాప్‌టాప్ తీసుకుని పంపించేశారు, పని మాత్రం బాగానే చేసేవాడు పాపం. ఆ టెర్మినేషన్ తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో మళ్ళీ బయటికొస్తుంది.

రెండోది పర్సంటేజ్, చిన్నదే కానీ చాలామంది దొరికేది ఇక్కడే. మావాడి సీజీపీఏ 6.9, రెజ్యూమెలో 69 శాతం అని కొట్టాడు, అంటే పదితో గుణించేశాడు. వాడిది జేఎన్టీయూ హైదరాబాద్, వాళ్ళ రెగ్యులేషన్ ప్రకారం సీజీపీఏలో 0.5 తీసేసి పదితో గుణించాలి, అంటే 64. ఇక్కడ 69కీ 64కీ పెద్ద తేడా లేదు, ఎందుకంటే చాలా డ్రైవ్‌లలో కటాఫ్ 60. కానీ వాడి ఫ్రెండ్‌ది 6.4, వాడు 64 అని ఫామ్ నింపి టెస్ట్ రాసి ఇంటర్వ్యూ కూడా దాటాక డాక్యుమెంట్ల దగ్గర 59 అని తేలింది, ఆఫర్ ఆగిపోయింది. మీ యూనివర్సిటీ లెక్క వేరే ఉండొచ్చు, మీ రెగ్యులేషన్ బుక్‌లో చూసుకోండి, ఫామ్‌లో సీజీపీఏ అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు సీజీపీఏనే రాయండి. పేరు కూడా టెన్త్ మెమోలో ఉన్నట్టే అన్నిచోట్లా ఉండాలి, ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే, ఇలా ఉంటే తర్వాత అఫిడవిట్‌ల కోసం తిరగాలి.

ఇంటర్న్‌షిప్ దగ్గరికొద్దాం. మావాడు మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో రెండు నెలలు చేశాడు, బిల్లింగ్ యాప్ టెస్టింగ్. రెజ్యూమెలో మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఎండ్ టు ఎండ్ డెవలప్‌మెంట్‌లో పాల్గొన్నాను అని ఏదో టెంప్లేట్ నుంచి ఎత్తిన వాక్యం ఉంది. నేను ప్యానెల్‌లో ఉంటే ఆ లైన్ చూసి అడిగే మొదటి ప్రశ్న, నువ్వు రాసిన మాడ్యూల్ చెప్పు అని, అక్కడే అయిపోతాడు. నిజంగా ఏం చేశావురా అని గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చింది, 140 మాన్యువల్ టెస్ట్ కేసులు రాశాడట, 11 బగ్‌లు ఎత్తాడు, అందులో 7 డెవలపర్లు సరిచేశారు, ఒకటి ఏంటంటే డిస్కౌంట్ ఇచ్చాక జీఎస్టీ పాత మొత్తం మీదే లెక్కవుతోందట. ఇది కదా రాయాల్సింది! టెస్టింగ్ ఇంటర్న్ అని, సర్టిఫికెట్ మీద ఉన్న తేదీలే వేసి, ఈ మూడు అంకెలు, ఆ జీఎస్టీ బగ్ పెట్టాం, రెండు లైన్లు అంతే. ఇంటర్వ్యూలో ఆ బగ్ గురించి పది నిమిషాలు మాట్లాడగలడు.

దీంతో పాటు ఇంకో రెండు చూసుకోండి. చిన్న కంపెనీల్లో హెచ్ఆర్ మారిపోతారు, ఒక్కోసారి కంపెనీయే మూసేస్తారు, కాబట్టి సర్టిఫికెట్ కంపెనీ మెయిల్ నుంచే పీడీఎఫ్‌గా తెప్పించుకోండి, వెరిఫికేషన్ మెయిల్ ఎవరికి పంపాలో కూడా ముందే అడిగి ఉంచుకోండి. రెండోది, ఆ కంపెనీ కోడ్, స్క్రీన్‌షాట్‌లు, కస్టమర్ పేర్లు మీ గిట్‌హబ్‌లో గానీ లింక్డిన్‌లో గానీ పెట్టొద్దు, చూసేవాడికి ముందు మీ మీదే అనుమానం వస్తుంది. ఇక డబ్బు కట్టి నాలుగు వారాల వీడియోలు చూస్తే ఇచ్చే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు ఉంటాయి, క్లాసు మొత్తానికి ఒకటే టెంప్లేట్, అవి కోర్సుల కింద వేసుకోండి చాలు.

అసలు మాట ప్రాజెక్ట్. మనదగ్గర సగం మేజర్ ప్రాజెక్టులు ప్రాజెక్ట్ సెంటర్‌లో కొన్నవే, తెలిసిన విషయమే, దాచేదేముంది. మావాడి టీమ్‌ది కూడా అంతే, ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే మోడల్, పక్కనే 98 శాతం యాక్యురసీ. ఈ లైన్ ఎన్ని రెజ్యూమెల్లో చూశానో లెక్కలేదు. ఎక్కువమంది వాడేది ప్లాంట్‌విలేజ్ అనే డేటాసెట్, అందులో 54 వేల పైచిలుకు ఫోటోలు, 38 క్లాసులు. కాకపోతే అవి ఆకుని తెంపి ఒకే రకం బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి, మోడల్ శిక్షణ, పరీక్ష రెండూ వాటి మీదే జరిగితే 98 రావడం గొప్పేం కాదు, పొలంలో తీసిన ఫోటో ఇస్తే యాక్యురసీ బాగా పడిపోతుంది. ప్యానెల్‌లో ఎవరికైనా ఇది తెలిస్తే ఒక్క ప్రశ్న చాలు, బయట ఫోటో మీద ఎంత వచ్చింది అని.

అందుకే మైనర్ ప్రాజెక్ట్‌ని అడుగుకి తోసి, ఈ ఒక్కదాన్నే పట్టుకోమన్నాను. ముందు కోడ్ మొత్తం లైన్ లైన్ చదివి సొంతంగా మళ్ళీ రన్ చేశాడు, దానికే వారం పట్టింది, టమాటా క్లాసులు పది మాత్రమే ఉంచాడు. తర్వాత చేవెళ్ళ దగ్గర మా బాబాయ్ టమాటా తోటలో ఫోన్‌తో 60 ఫోటోలు తీశాడు, మొక్క మీద ఉన్న ఆకులే, ఎండలో కొన్ని, నీడలో కొన్ని. అవి ఏ తెగులో వాడికి తెలీదు కాబట్టి రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి ఏఈఓ గారికి చూపించి ఒక్కోదానికి పేరు రాయించుకున్నాడు. మోడల్‌కి ఇస్తే 60లో 26 కరెక్ట్. వాడి మొహం మాడిపోయింది. నేను మాత్రం ఇదే రాయి అన్నాను, డేటాసెట్ మీద 98, తోట ఫోటోల మీద 26/60, తప్పుల్లో ఎక్కువ భాగం వెనక మట్టి, పక్క ఆకులు ఉన్న ఫోటోల్లో అని. నలుగురు చేసిన ప్రాజెక్ట్ అని కూడా రాయించా, అందులో వీడి వంతు ఏంటో వేరుగా. టీమ్‌లో నలుగురూ మొత్తం నేనే చేశా అని రాసి అదే కంపెనీకి అప్లై చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, మాకు అలా ఒకసారి ఇద్దరు ఒకే రోజు వచ్చారు.

గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. వాడి మైనర్ ప్రాజెక్ట్‌లో వాతావరణం చూపించే సర్వీస్ కీ `.env` ఫైల్‌లో ఉంది, పొరపాటున పుష్ చేసి మర్నాడు డిలీట్ చేశాడు. డిలీట్ చేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు. మీది కమిట్‌లోకి వెళ్ళిందో లేదో ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో ఇలా చూడండి:

```
git log --all --oneline -- .env
```

ఒక్క లైన్ కనబడినా వెళ్ళినట్టే. ముందు ఆ కీని ఆ సర్వీస్ సైట్‌లో రద్దు చేసి కొత్తది తీసుకోండి, మిగతాది తర్వాత, `.gitignore`లో ఆ ఫైల్ పేరు చేర్చడం కూడా మర్చిపోవద్దు. ఇంకోటి, మొత్తం కోడ్ ఒకే కమిట్‌లో పడేస్తే ఎక్కడినుంచో ఎత్తినట్టు కనిపిస్తుంది, పాత తేదీలతో నకిలీ కమిట్లు మాత్రం చేయకండి, ఇప్పటినుంచి చేసే మార్పులు చిన్న చిన్నగా పెడితే చాలు.

రెజ్యూమె పేజీ ఒకటే, రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్ వద్దు. పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, మావాడిది చేస్తే ఫోన్ నంబర్ మధ్యలో కాలేజ్ పేరు దూరింది, సైట్లు కూడా దాదాపు అలాగే చదువుకుంటాయి. స్కిల్స్‌లో 17 రాశాడు, ఒక్కోదాని మీద మూడు ప్రశ్నలు అడిగా, 6 మిగిలాయి.

పోయిన వారం వాడికి ఒక కంపెనీలో మొదటి రౌండ్ అయింది. నలభై నిమిషాల్లో ఇరవై ఐదు ఆ తోట ఫోటోల మీదే గడిచాయట, మిగతా 34 ఎందుకు తప్పాయి, ఏం చేస్తే తగ్గుతాయి అని. రెండో రౌండ్ శుక్రవారం ఉంది, ఈలోపు ఇంకో నలభై ఫోటోలు తీస్తా అని ఊరెళ్ళాడు.