రిమైండర్ పంపినా పేమెంట్ రావడం లేదా?

సమస్య: గడువు దాటి రెండు వారాలైంది. "పేమెంట్ కొంచెం చూడండి" అని మెయిల్ పెడితే "తప్పకుండా చూస్తాం" అన్నారు. డబ్బు మాత్రం పడలేదు.

కారణం: చాలాసార్లు ఎగ్గొట్టే ఉద్దేశమేమీ ఉండదు. మీ మెయిల్ చదివేది పని చేయించుకున్న మేనేజర్, డబ్బు పంపేది అకౌంట్స్ వాళ్లు. మేనేజర్ దాన్ని ఫార్వర్డ్ చేసినా, ఏ ఇన్వాయిస్, ఎంత, ఎప్పటిది అన్నది అందులో లేకపోతే వాళ్లే వెతుక్కోవాలి. అలాంటి పని ఎప్పుడూ రేపటికే పోతుంది. ఇక మీరు మెయిల్‌లో "వీలైనంత త్వరగా" అన్నారంటే గడువు ఇవ్వనట్టే.

పరిష్కారం: ముందు బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోండి, ఈలోపే జమై ఉండొచ్చు. ఇన్వాయిస్‌పై వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబర్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే కొన్ని ఆఫీసుల్లో బిల్లు అక్కడే ఆగిపోతుంది, ఎవరూ మీకు చెప్పరు. తర్వాత మేనేజర్‌కి, అకౌంట్స్‌కి కలిపి ఒకే మెయిల్ పంపండి. ఉదాహరణకు జులై 17న పంపేదైతే:

సబ్జెక్ట్: ఇన్వాయిస్ 118, బాకీ 48,000, గడువు జులై 3తో ముగిసింది

"నమస్తే అండీ. బ్రోషర్ డిజైన్‌కి సంబంధించి జూన్ 3న పంపిన ఇన్వాయిస్ 118 మొత్తం 48,000 ఇంకా మాకు జమ కాలేదు. 30 రోజుల గడువు ముగిసి నేటికి 14 రోజులైంది. దయచేసి జులై 24లోగా చెల్లించగలరు. బిల్లులో సవరణ ఏదైనా అవసరమైతే జులై 20లోగా తెలియజేయండి. ఇప్పటికే పంపి ఉంటే ట్రాన్సాక్షన్ నంబర్ ఇవ్వండి, సరిచూసుకుంటాం. ఇన్వాయిస్ కాపీ జత చేశాను."

"మీరు మర్చిపోయినట్టున్నారు" అని రాయకండి, తప్పు వాళ్లమీద వేసినట్టుంటుంది. "ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి" కూడా వద్దు, అడిగేది మీకు రావాల్సిన డబ్బే కదా! ఆలస్య రుసుము ఒప్పందంలో ఉంటేనే ప్రస్తావించండి. లేనిది కొత్తగా కలిపితే దానిమీద వాదన మొదలై, అసలు బిల్లు ఆగిపోతుంది. రిమైండర్‌లోనే కొత్త బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వడం ఇంకా పెద్ద పొరపాటు. మోసగాళ్లు చేసే పని అదే కాబట్టి, జాగ్రత్తగా ఉండే అకౌంట్స్ వాళ్లు చెల్లింపు ఆపేసి విచారణ మొదలుపెడతారు.

సమస్య: "ప్రాసెస్‌లో ఉంది" అని జవాబు వచ్చింది.

కారణం: ఎవరో ఒకరి ఆమోదం దగ్గర ఆగి ఉండొచ్చు, లేదా వాళ్లు నెలలో ఫలానా రోజుల్లోనే చెల్లింపులు చేస్తూ ఉండొచ్చు.

పరిష్కారం: "ఎవరి ఆమోదం రావాలి? తర్వాతి చెల్లింపు ఏ తేదీన?" అని ఈ రెండే అడగండి. చెప్పిన తేదీని మీరే తిరిగి రాసి పంపండి: "జులై 28న చెల్లిస్తామన్నారు, ధన్యవాదాలు. అది జమయ్యాక తర్వాతి పని మొదలుపెడతాం."