మగపిల్లలు స్త్రీవాదం పుస్తకాలు ఏ వరుసలో చదవాలి?

మా పిన్ని కొడుకు తిరుపతిలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. పోయిన ఏడాది కాలేజీలో ఏదో వాదన జరిగింది. అమ్మాయిలు మాట్లాడిన దాంట్లో తనకు సగం అర్థం కాలేదని వాడికే అనిపించి, సిమోన్ ద బోవార్ రాసిన ‘ది సెకండ్ సెక్స్’ కొనుక్కొచ్చాడు. 1949లో ఫ్రెంచిలో వచ్చిన ఆ లావుపాటి పుస్తకం జీవశాస్త్రంతో మొదలై, మనోవిశ్లేషణ మీదుగా చరిత్రలోకి వెళ్తుంది. వాడు జీవశాస్త్రం దగ్గరే ఆగిపోయాడు. “తెలుసుకునేదానికి కూర్చుంటే పరీక్ష రాసినట్టుండాది అక్కా” అన్నాడు. అది గొప్ప పుస్తకమే, కానీ మొదట చదవాల్సింది కాదు. తర్వాత ఇద్దరం కలిసి వేరే వరుస పెట్టుకున్నాం. అదే ఇక్కడ చెబుతున్నాను.

మొదట ఒక్క కథ చదవండి

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ అనే కథ. కొన్ని పేజీలే, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చదువుకున్న, చలాకీ అమ్మాయి ఒకామెకు పెళ్లవుతుంది. ఇల్లు అలుక్కుంటూ, ముగ్గులు పెట్టుకుంటూ కొన్నేళ్లు గడిచాక, ఒకరోజు తన పేరేమిటో గుర్తురాదు. పనిమనిషిని అడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది, భర్తను అడుగుతుంది. ఒకరికి అమ్మగారు, ఒకరికి అమ్మ. చివరికి పేరు ఎలా దొరికిందో నేను చెప్పను.

ఈ కథతోనే మొదలుపెట్టమనడానికి కారణముంది. ఇందులో భర్త కొట్టడు, తిట్టడు, చెడ్డవాడు కూడా కాదు. కాబట్టి చదివే అబ్బాయి “నేనలాంటి వాణ్ని కాదు” అని తప్పించుకోవాల్సిన అవసరం రాదు. ఎవరినీ దోషిగా నిలబెట్టకుండానే ఒక మనిషి పేరు ఎలా పోతుందో కనబడుతుంది.

చదివాక ఒక పని చేయండి. ఒక రోజంతా మీ అమ్మను ఎవరెవరు ఏమని పిలుస్తున్నారో కాగితం మీద రాసుకోండి. మావాడు రాశాడు. ఇంట్లో అమ్మ, నాన్న నోట “ఏమే”, వీధిలో వాడి పేరు చెప్పి “వాళ్లమ్మ”, బంధువులకు వదిన, పిన్ని. సాయంత్రం పొదుపు సంఘం మీటింగ్‌కి వెళ్లినప్పుడు మాత్రం అసలు పేరుతో పిలిచారు. పిన్ని ఆ మీటింగ్ ఒక్కటి కూడా ఎందుకు మానదో వాడికి అప్పుడు తెలిసింది. ఏ వ్యాసం చదివినా వాడికి ఇంత త్వరగా అర్థమయ్యేది కాదు.

వారం తర్వాత అదే కథ మళ్లీ చదవండి. ఈసారి పనిమనిషి వైపు నుంచి చూడండి. శుభ్రంగా ఉన్న ఆ ఇల్లు ఎవరి చేతుల మీద నిలబడింది? ఆమె ఇంటికి వెళ్తే ఆమెను ఎవరు ఏమని పిలుస్తారు? కులం సంగతి ఇక్కడ మొదలవుతుంది. దానికి గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ చూడాలి. దళిత స్త్రీల రచనలు ఒకచోట చేర్చిన పుస్తకం అది. మొత్తం ఒకేసారి చదవక్కర్లేదు, పక్కన పెట్టుకుని అప్పుడప్పుడు రెండు రచనలు చదివితే చాలు. అది లేకుండా చదివితే స్త్రీవాదం అంటే పెద్దింటి ఆడవాళ్ల వంటింటి బాధ మాత్రమే అనే పొరపాటు పడతారు. మావాడు పడ్డాడు కూడా.

తర్వాత ‘విముక్త’, కానీ చివరి నుంచి

ఓల్గా గారి ‘విముక్త’కు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రామాయణం చుట్టూ అల్లిన ఐదు కథలు. సీత అడవిలో శూర్పణఖను, అహల్యను, రేణుకను కలుస్తుంది. ఊర్మిళ కథ ఉంది. ఐదోది ‘బంధితుడు’, అది రాముడి కథ.

అబ్బాయిలు ఈ ఐదో కథ ముందు చదవాలని నా అభిప్రాయం. రాజధర్మం మోస్తూ సీతను పోగొట్టుకున్న మనిషి, తనకే విడుదల లేదని తెలుసుకునే కథ అది. మగవాడికి పెత్తనం ఇచ్చే పద్ధతే అతన్ని ఎలా కట్టిపడేస్తుందో అర్థమయ్యాక, అహల్య అడిగే ప్రశ్నలు దాడిలా అనిపించవు. వరుసగా చదివిన స్నేహితుడొకడు రెండో కథ దగ్గరే “దేవుళ్లను తప్పు పడుతున్నారు” అని మూసేశాడట. మావాడు చివరి నుంచి మొదలుపెట్టి ఐదూ పూర్తి చేశాడు.

ఏదైనా పేజీ దగ్గర కోపం వస్తే అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. పక్కన అప్పుడు గుర్తొచ్చిన మనిషి ఎవరో రాయండి. మావాడి పుస్తకంలో రెండుచోట్ల “నాన్న” అని ఉంది. కోపం రచయిత్రి మీద కాదని, ఇంకెక్కడిదో అని తెలిసేది అలాగే.

చలం గారి ‘మైదానం’ ముందు చదవమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. ఇరవై ఏళ్ల కుర్రాడు దాన్ని మోహం కథగా చదివేసి, స్త్రీ స్వేచ్ఛంటే ఇదే అనుకునే ప్రమాదం ఉంది. ఇవన్నీ చదివాక దాని దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు వివరించే పుస్తకం

కథలు మనసులో కూర్చున్నాక మాటల అర్థాలు కావాలి. జెండర్ అంటే ఏమిటి, పితృస్వామ్యం అంటే ఏమిటి అన్న ప్రశ్నలకు కమలా భసీన్ చిన్న పుస్తకాలు ప్రశ్న, జవాబు పద్ధతిలో ఉంటాయి. బస్సులో కూడా చదువుకోవచ్చు.

ఆ తర్వాత అమెరికా రచయిత్రి బెల్ హుక్స్ 2004లో రాసిన ‘ది విల్ టు చేంజ్’. ఇంగ్లీషులోనే చదవాలి, కానీ వాక్యాలు తేలిక. మగవాళ్ల గురించి ప్రేమతో రాసిన పుస్తకం. అందులో పితృస్వామ్యం గురించిన అధ్యాయం ఒక్కటి చదివినా చాలు. చిన్నప్పుడు ఆమెకు గోలీలాడాలని ఉండేది. ఆమె అన్న నెమ్మదైన పిల్లాడు. ఆడపిల్ల గోలీలాడకూడదన్నారు. ఆమె పట్టు విడవకపోతే తండ్రి చెక్కతో కొట్టాడు. దెబ్బలు ఆమె తిన్నది, కానీ అన్నకు కూడా ఒక సంగతి అర్థమైంది: మగపిల్లాడు ఎలా ఉండాలో ఇంట్లో ముందే తేల్చేశారు. మావాడు ఈ పేజీ ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపాడు. కింద “నన్ను చిన్నప్పుడు ఏడవద్దని కొట్టినారు కదక్కా” అని రాశాడు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇంకొకటి

ప్రతి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది కదా. మొక్కుబడికి మగపిల్లలు, పెద్దవాళ్లు చీరకట్టి ఆడవేషం వేస్తారు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ని అమ్మవారు రకరకాల వేషాలతో వెతికి, దొర వేషంలో బయటికి రప్పించి చంపిందని కథ. దీని మీద జాయ్స్ ఫ్లూకిగర్ అనే పరిశోధకురాలు మన ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేసి, 2013లో ఇంగ్లీషులో ‘వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫిమేల్’ అనే పుస్తకం రాశారు. జాతర రోజుల్లో లోకమే స్త్రీమయమవుతుందని, మగవాళ్లు వేషం ద్వారా దాన్ని కాసేపు తాకుతారని, ఆడవాళ్లకు ఆ వేషం అవసరమే లేదని ఆమె చూపిస్తారు. ఎస్వీ యూనివర్సిటీ లేదా పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివే స్నేహితులుంటే అక్కడి లైబ్రరీల్లో వెతికించండి.

అకడమిక్ పుస్తకం, కొన్ని అధ్యాయాలు బరువుగా ఉంటాయి. వేషాల గురించిన భాగం చదివితే చాలు. మావాడికి పదేళ్లప్పుడు పిన్ని మొక్కుబడికి చీర కట్టించింది. ఆ ఫొటో ఇంట్లో ఉంది, స్నేహితులు వస్తే దాచేసేవాడు. పుస్తకం సగంలో ఉండగా, ఆ రోజు చీరతో వీధిలో నడుస్తుంటే జనం దారి ఇచ్చారని, కొందరు చేతులు జోడించారని వాడికి గుర్తొచ్చింది. “అదే వీధిలో మా క్లాసు అమ్మాయిలు రాత్రి ఎనిమిది తర్వాత ఎందుకు నడవరక్కా?” అని అడిగాడు. జవాబు నన్ను కాదు, వాళ్లనే అడగమన్నాను. ఒకమ్మాయిని అడిగాడు. ఆమె గంటసేపు చెప్పింది, వాడు మధ్యలో మాట్లాడలేదట.